రెండో స్థాయి తెలుగు పరీక్ష: ఉత్తీర్ణత మార్కును ఎలా నిర్ణయిస్తాం, అంచున ఉన్న ఫలితాన్ని ఎలా చూపుతాం (తరచుగా అడిగే ప్రశ్నలు)

బెంగళూరు మారతహళ్లి పరిసరాల్లోని అపార్టుమెంట్లలో ఆదివారాలు మేం నడిపే తెలుగు తరగతుల్లో ఏటా ఫలితాలు ఇచ్చిన వారానికి తల్లిదండ్రుల నుంచి ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. మాలాగే తరగతులు నడిపేవారు కూడా ఈ మధ్య అడుగుతున్నారు. అందుకని ఈ ఏడాది రెండో స్థాయి పరీక్షనే ఉదాహరణగా తీసుకుని, లెక్కలతో సహా వివరంగా రాస్తున్నాం.

ఇంతకీ ఈ పరీక్షకు ఉత్తీర్ణత మార్కు ఎందుకు? అందరినీ పై స్థాయికి పంపేస్తే సరిపోదా?

మూడో స్థాయి మొదటి వారంలోనే పిల్లల చేతికి ఒక చిన్న కథ ఇస్తాం. ఎవరి సాయమూ లేకుండా దాన్ని చదివి, నాలుగు వాక్యాలు సొంతంగా రాయాలి. గుణింతాలు, ఒత్తులు ఇంకా పట్టుబడని పిల్లలను ఆ తరగతిలో కూర్చోబెడితే రెండు నెలల్లో రావడం మానేస్తారని అనుభవం మీద తెలుసుకున్నాం. కాబట్టి ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని వరుస పెట్టడం ఈ పరీక్ష పని కాదు. ఆ కథను చదవగల స్థితికి ఈ బిడ్డ చేరుకుందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే ఇది జవాబు చెప్పాలి. కటాఫ్ ఆ ప్రశ్న నుంచే పుట్టాలి.

మామూలుగా అందరూ పెట్టే 35 శాతమో, సగం మార్కులో పెట్టుకోవచ్చు కదా?

మేమూ చాలాకాలం సగమే, అంటే 50కి 25, పెట్టుకున్నాం. చిక్కు ఎక్కడంటే, శాతం ప్రశ్నపత్రాన్ని చూడదు. ఒక ఏడాది పత్రం తయారుచేసినవారు ఉక్తలేఖనానికి ‘జ్యోత్స్న’, ‘రాష్ట్రం’ వంటి మాటలు ఎంచుకుంటే, మరుసటి ఏడాది మరొకరు ‘అమ్మ’, ‘పువ్వు’ ఎంచుకోవచ్చు. రెండు సంవత్సరాల్లోనూ 25 అన్న అంకె ఒకటే, కానీ దాని వెనక ఉన్న తెలుగు ఒకటి కాదు. మనలో చాలామంది చదువుకున్న రోజుల్లో పదో తరగతిలో మిగతా సబ్జెక్టులకు 35 కావాలంటే హిందీకి 20 వస్తే చాలనేవారు. ఏ సబ్జెక్టుకు ఎంత అన్నది అక్కడ ప్రభుత్వం చేసిన విధాన నిర్ణయం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, కానీ దాన్ని కొలత అనుకోకూడదు. మేం మా అలవాటును కొలత అనుకున్నాం. పత్రం కష్టంగా వచ్చిన సంవత్సరం ఒక పాప 24 దగ్గర ఆగిపోయింది. మరుసటి ఏడాది అంతకంటే బలహీనమైన పిల్లలు 29తో దాటారు. ఆ పొరపాటు మాదే.

మరి ఈ ఏడాది కటాఫ్ 50కి 27 అని ఎలా తేల్చారు?

అమెరికాలో విలియం ఆంగాఫ్ 1971లో రాసిన ఒక అధ్యాయం ద్వారా ప్రచారంలోకి వచ్చిన పద్ధతిని మా స్థాయికి తగ్గట్టు వాడుకున్నాం. ఇవాళ ప్రపంచమంతటా వృత్తి పరీక్షల్లో ఇది కనిపిస్తుంది. అందరూ అనుసరించే రూపాన్ని ఆయన ఆ అధ్యాయంలో పుట అడుగున ఒక చిన్న సూచనగా మాత్రమే రాశారు.

ముందుగా ఆరుగురు ఉపాధ్యాయులు కూర్చుని ఒక పిల్లవాణ్ణి ఊహించుకున్నారు. వాడు తరగతిలో మొదటివాడూ కాదు, సగటువాడూ కాదు. మూడో స్థాయిలోకి అడుగుపెట్టడానికి సరిగ్గా సరిపోయేంత వచ్చినవాడు. మేం వాణ్ణి ‘గడప మీది పిల్లవాడు’ అంటాం. వాడు ‘కృ’, ‘క్రు’ కలగాపులగం చేస్తాడు గానీ ‘క’ ఒత్తును గుర్తుపడతాడు. వాక్యాన్ని ఆగి ఆగి చదువుతాడు గానీ చదివినదాని అర్థం చెబుతాడు. ఇలాంటి పది పదిహేను లక్షణాలు బోర్డు మీద రాసి, అందరూ ఒప్పుకునే దాకా మాట్లాడుకున్నారు. మొత్తం పనిలో ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే, దాదాపు ఒక పూట. ఈ మెట్టును తొందరపడి దాటేస్తే తర్వాతి అంకెలన్నీ గాలిలో మేడలే.

ఆ తర్వాత ప్రతి ప్రశ్ననూ విడిగా తీసుకుని, గడప మీది పిల్లలు పదిమంది ఉంటే వారిలో ఎంతమంది దీనికి సరిగ్గా రాస్తారో ఒకరి కాగితం ఒకరు చూసుకోకుండా రాశారు. ఏడుగురు అంటే ఆ ప్రశ్నకు 0.7 మార్కు. బొమ్మ చూసి వాక్యాలు రాసే ప్రశ్న వంటివాటికి, ఆ పిల్లవాడికి ఎన్ని మార్కులు రావచ్చో నేరుగా రాశారు. అన్ని ప్రశ్నల అంచనాలనూ కూడితే ఒక్కొక్కరి కటాఫ్ వస్తుంది. పరీక్షకు వారం ముందు జరిగిన ఈ మొదటి విడతలో ఆరుగురి మొత్తాలు 24, 27, 31, 26, 33, 27. సగటు 28. సగటు చూడ్డానికి బాగానే ఉంది గానీ 24కూ 33కూ మధ్య ఉన్న తేడా మాత్రం పట్టించుకోవలసినదే.

ఆ తేడా ఎక్కడుందో వెతికితే చాలావరకు ఉక్తలేఖనంలోనే దొరికింది. ‘రాష్ట్రం’ అన్న మాటకు ఒకరు పదిమందిలో ఇద్దరు రాస్తారంటే, మరొకరు ఏడుగురు రాస్తారన్నారు. ఏడుగురన్నవారు తమ తరగతిలో ఆ వారమే ఆ మాటను నేర్పించారు. అంటే ఆవిడ గడప మీది పిల్లవాణ్ణి కాకుండా తన ముందు కూర్చున్న పిల్లవాణ్ణి తలుచుకుని రాశారన్నమాట. పరీక్ష అయ్యాక రెండో విడత కూర్చున్నప్పుడు, ప్రశ్నవారీగా ఎంత శాతం పిల్లలు సరిగ్గా రాశారో చూపించాం. ‘రాష్ట్రం’ 84 మందిలో 38 మంది రాశారు. ఏ పిల్లవాడికి మొత్తం ఎన్ని మార్కులు వచ్చాయో, ఏ కటాఫ్ పెడితే ఎంతమంది తప్పుతారో మాత్రం చూపించలేదు. అది చూశాక ఎవరి చేయీ నిటారుగా ఉండదు. రెండో విడత మొత్తాలు 27, 27, 28, 26, 29, 28 అయ్యాయి. సగటు 27.5.

ఉపాధ్యాయుల అంచనాల సగటే కదా, దాన్ని శాస్త్రీయం అని ఎలా అంటారు?

అనం. ఇది నిర్ణయమే. కానీ ఎవరు, ఏ ప్రశ్నకు, ఏ కారణంతో ఎంత వేశారో కాగితం మీద ఉన్న నిర్ణయం. అడిగిన తల్లిదండ్రులకు ఉపాధ్యాయుల పేర్లు తీసేసి ఆ పట్టిక చూపిస్తాం.

27.5 వస్తే 28 కాకుండా 27 ఎందుకు చేశారు?

అర మార్కు వస్తే పిల్లలవైపు మొగ్గాలని పరీక్షకు ముందే రాసిపెట్టుకున్నాం కాబట్టి. 28 చేసినా తప్పయ్యేది కాదు. ఏది చేయాలో ఫలితాలు చూశాక తేల్చుకుంటే అదే తప్పు.

‘అంచు’ అని 24 నుంచి 30 వరకు గుర్తించారు. 27కు అటూ ఇటూ ఈ మూడు మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఒకే పిల్లవాడు, ఒకే తెలుగుతో, ఈ పత్రానికి సమానమైన పది పత్రాలు పది ఆదివారాలు రాశాడనుకోండి. పదిసార్లూ ఒకే మార్కులు రావు. ఒకసారి తనకు తెలిసిన మాటలు పడతాయి, ఒకసారి పడవు. ఒకసారి పక్క గదిలో గొడవగా ఉంటుంది. ఈ ఊగిసలాట సగటున ఎంత ఉంటుందో చెప్పే అంకెను కొలత దోషం అంటారు. దాన్ని లెక్కించడానికి రెండు అంకెలు చాలు. మార్కులు ఎంత విస్తరించి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం ఒకటి, పరీక్ష ఎంత నిలకడగా కొలుస్తోందో చెప్పే విశ్వసనీయత రెండోది.

మా 84 మంది మార్కుల ప్రామాణిక విచలనం 8. విశ్వసనీయత కోసం పత్రాన్ని సరి సంఖ్య ప్రశ్నలు, బేసి సంఖ్య ప్రశ్నలు అని రెండు సగాలు చేసి, రెండింటి మార్కుల మధ్య సహసంబంధం చూస్తే 0.75 వచ్చింది. అది సగం పత్రానికి సంబంధించిన అంకె కాబట్టి, పూర్తి పత్రానికి తగ్గట్టు సవరించి విశ్వసనీయత r, ఆ తర్వాత కొలత దోషం SEM లెక్కగట్టాం.

```
r   = (2 × 0.75) / (1 + 0.75) = 0.86
SEM = 8 × √(1 − 0.86) = 3
```

దీన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు. నిజంగా 30 మార్కులకు తగిన తెలుగు ఉన్న పిల్లవాడు కూడా, తన తప్పేమీ లేకుండానే, సుమారు ఆరింట ఒకసారి 27 కంటే తక్కువ తెచ్చుకునే అవకాశం ఉంది. 33కు తగినవాడి విషయంలో అది నూటికి రెండు మూడు సార్లకు పడిపోతుంది. కాబట్టి కటాఫ్‌కు అటూ ఇటూ ఒక కొలత దోషం మేర, అంటే 24 నుంచి 30 దాకా ఉన్న ఫలితాన్ని ఈ ఒక్క పరీక్షతో గట్టిగా చెప్పలేమని ఒప్పుకుంటున్నాం. రెండింతలు తీసుకుంటే మరింత నిక్కచ్చిగా ఉండేది గానీ, 21 నుంచి 33 దాకా అంచు అంటే తరగతిలో సగం మంది అందులోనే ఉంటారు. అంతమందిని మళ్లీ చూసే మనుషులు మా దగ్గర లేరు. ఈ వెడల్పును గణితం ఒక్కటే నిర్ణయించదు, చేతిలో ఉన్న ఆదివారాలు కూడా నిర్ణయిస్తాయి.

మార్కుల పట్టికలో గుర్తు వేయడానికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. మొత్తం మార్కులు D నిలువు వరుసలో ఉంటే ఈ రెండు సూత్రాలు చాలు.

```
=STDEV.P(D2:D85)
=IF(ABS(D2-27)<=3,"అంచు","")
```

ఆ లెక్క మొత్తం దోషాన్నీ పట్టుకుంటుందా?

పట్టుకోదు. ఈ సంగతిని చాలామంది వదిలేస్తారు. సరి బేసి సగాలు రెండింటినీ దిద్దింది ఒకరే కాబట్టి, దిద్దేవారి చేయి మారితే వచ్చే తేడా ఆ 0.86లో కనిపించదు. మా పత్రంలో 30 మార్కులు ఒక్క మాట జవాబులకు, 20 మార్కులు రాతకు. దిద్దేవారి చేయి తేడా కనిపించేది ఆ ఇరవైలోనే.

అందుకే అంచులోని పత్రాల రాత భాగాన్ని మరొకరితో మళ్లీ దిద్దిస్తాం. అలాంటి ఒక పత్రాన్ని దగ్గరగా చూద్దాం. ఈ పిల్లవాడికి మొదట 26 వచ్చాయి. బళ్లో కన్నడం చదువుతాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. బొమ్మ చూసి రాసిన వాక్యాల్లో ‘పిల్లి హాలు తాగింది’ అని రాశాడు. కన్నడంలో పాలను హాలు అంటారు. అదే పత్రంలో మూడు చోట్ల ‘క’ను కన్నడ రూపంలో రాశాడు, తలకట్టు ఉండవలసిన చోట అడ్డగీత పెట్టాడు. మొదట దిద్దినవారు లిపి తప్పులకు ఒక్కోదానికి అర మార్కు చొప్పున తీసేసి, ‘హాలు’కు ఒక మార్కు తీశారు. రెండోవారు అదే లిపి తప్పు మళ్లీ మళ్లీ వస్తే ఒకేసారి తీయాలన్నారు. ‘హాలు’కు మాత్రం ఇద్దరూ తీశారు. దాంతో రెండోవారి లెక్కలో అతనికి 27 అయింది. పిల్లవాడి తెలుగులో ఏ మార్పూ లేకుండానే ఫలితం తారుమారైంది.

మా మార్కుల సూచికలో ‘అక్షర దోషానికి అర మార్కు’ అని మాత్రమే ఉంది. పునరావృత దోషం సంగతి లేదు. బెంగళూరులో తెలుగు పరీక్ష పెడుతూ కన్నడ లిపి కలుస్తుందని ముందే ఊహించకపోవడం మా అజాగ్రత్తే. ఇప్పుడు ఆ నియమం రాసి, 84 పత్రాలకూ ఒకేలా వర్తింపజేశాం. కింద ఇచ్చిన అంకెలన్నీ ఆ సవరణ తర్వాతివే. ఆ పిల్లవాడు 27తో, అంచు గుర్తుతోనే, దాటాడు.

26 వచ్చినవారి పత్రాలు మాత్రమే మళ్లీ దిద్దితే సరిపోతుంది కదా? పాసైనవారివి ఎందుకు తీస్తున్నారు?

ఎక్కువమంది కోపంగా అడిగే ప్రశ్న ఇదే. వినడానికి దయగా ఉంటుంది గానీ కొలతను పాడుచేసేది సరిగ్గా ఇదే.

దిద్దడంలో పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. ఒకరికి మార్కు తగ్గినట్టే మరొకరికి పెరుగుతుంది. తగ్గినవైపు మాత్రమే మళ్లీ చూసి, పెరిగితే ఉంచి, తగ్గితే వదిలేస్తే, కటాఫ్ 27 అని బోర్డు మీద ఉంటుంది గానీ అసలు కటాఫ్ ఏ 25 దగ్గరో ఉంటుంది. ఆ 25ను ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. పైగా అది అందరికీ సమానంగా వర్తించదు. మాస్టారికి బాగా తెలిసిన పిల్లవాడి పత్రంలో ఆ ఒక్క మార్కు తేలికగా దొరుకుతుంది, వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చునే పిల్ల పత్రంలో దొరకదు.

న్యూయార్క్ రాష్ట్రంలో హైస్కూలు విద్యార్థులు రాసే రీజెంట్స్ పరీక్షలు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. అక్కడ ఉత్తీర్ణత మార్కు 65. గణితం, సైన్సు పత్రాల్లో 60 నుంచి 64 మధ్య వచ్చినవాటిని బడిలోనే తిరిగి దిద్దే పద్ధతి ఉండేది. అంటే ఒకవైపు మాత్రమే. మార్కుల గ్రాఫు గీస్తే 65కు సరిగ్గా కింద పెద్ద గుంట, 65 మీద దిబ్బ కనిపించాయి. పిల్లల చదువులో అలాంటి గుంట సహజంగా పడదు. 2011లో ఆ తిరిగి దిద్దే పద్ధతిని ఆపేశారు.

మీ పరీక్షలో ఈ జబ్బు ఉందో లేదో చూసుకోవడానికి అదే గ్రాఫు చాలు. ఒక్కో మార్కు దగ్గర ఎంతమంది ఉన్నారో గీయండి. కటాఫ్‌కు ఒకటి రెండు మార్కుల కింద అకస్మాత్తుగా ఎవరూ లేకపోతే, దిద్దేవారికి కటాఫ్ ముందే తెలుసని అర్థం. పాత పత్రాలు తీసి మేం గీసినప్పుడు, 25 కటాఫ్ ఉన్న మూడు సంవత్సరాల్లోనూ 24 దగ్గర గుంట ఉంది. పరీక్ష రోజున ఎవరూ ఏమీ అనుకుని చేసినది కాదు. అయ్యో ఒక్క మార్కే కదా అన్న మంచితనమే ఆ గుంట. ఇప్పుడు కటాఫ్ ఖరారయ్యేది దిద్దడం పూర్తయ్యాకే. అంతవరకు రెండో విడత అంచనాల మొత్తాలను కూడా కూడం.

రెండోసారి దిద్దడం ఎలా జరిగింది, ఏం తేలింది?

84 మందిలో 66 మంది 27 గానీ అంతకంటే ఎక్కువ గానీ తెచ్చుకున్నారు, 18 మంది తక్కువలో ఉన్నారు. అంచులో ఉన్నవారు 22 మంది. కటాఫ్‌కు కింద 8 మంది, పైన 14 మంది. ఈ 22 పత్రాల రాత భాగాన్ని, పేరు కప్పేసి, మొదటి మార్కులు కనిపించకుండా ఫొటోకాపీ తీసి రెండోవారికి ఇచ్చాం. ఏది పైన ఉన్నదో ఏది కింద ఉన్నదో తెలియకుండా కలిపేశాం. ఇద్దరి మార్కుల సగటునే లెక్కలోకి తీసుకున్నాం. ఇక్కడ వచ్చిన అర మార్కులను మళ్లీ సవరించలేదు. తేడా మూడు దాటితే మూడోవారు దిద్దాలన్నది నియమం, ఒకే ఒక్క పత్రానికి ఆ అవసరం పడింది.

కింద ఉన్న 8 మందిలో ముగ్గురు పైకి వచ్చారు. పైన ఉన్న 14 మందిలో ఇద్దరు కిందికి వెళ్లారు. ఫలితాలు ఇంకా ప్రకటించలేదు కాబట్టి ఆ ఇద్దరి నుంచి మేం ఏదీ లాక్కోలేదు. అందుకే రెండోసారి దిద్దడం ప్రకటనకు ముందే జరగాలి. పాసయ్యావని చెప్పి తర్వాత కాదనడం ఏ నియమమూ సమర్థించలేని పని.

రెండుసార్లు దిద్దాక కూడా కటాఫ్ కిందే ఉన్నవారి సంగతి?

మళ్లీ అదే పత్రాన్ని ఎన్నిసార్లు దిద్దినా దిద్దేవారి తేడా తగ్గుతుందే తప్ప, ఆ పిల్లవాడికి ఆ రోజు ఏ ప్రశ్నలు పడ్డాయన్న అదృష్టం మారదు. దానికి కొత్త సాక్ష్యం కావాలి. అందుకని అంచులో కింద మిగిలిన ఏడుగురినీ, అంటే మొదటి ఎనిమిదిలో మిగిలిన ఐదుగురు, కిందికి వచ్చిన ఇద్దరు, ఆ తర్వాతి ఆదివారం పది నిమిషాలకు పిలిచాం. ముందెన్నడూ చూడని ఆరు వాక్యాల కథను చదివించి, మూడు ప్రశ్నలు అడిగి, రెండు వాక్యాలు రాయించాం. గడప మీది పిల్లవాడి లక్షణాల పట్టికే ఇక్కడా కొలబద్ద. ఎదురుగా కూర్చున్న ఇద్దరు ఉపాధ్యాయులకు ఆ పిల్లల రాత పరీక్ష మార్కులు చెప్పలేదు. ఆరుగురు వచ్చారు, నలుగురు పై స్థాయికి వెళ్లారు. మొత్తం లెక్క 66కు ముగ్గురిని కలిపి, ఇద్దరిని తీసి, నలుగురిని కలిపితే 71. రాలేకపోయిన ఏడో పాపకు మరో తేదీ ఇచ్చాం, ఆ ఫలితం ఈ 71లో లేదు.

కింద ఉన్నవారికి ఇంకో అవకాశం ఇస్తూ, అంచులో పైన ఉన్నవారిని మాత్రం పరీక్షించకపోవడం ఒకవైపు మొగ్గడం కాదా?

మొగ్గడమే, కానీ తెలిసి చేసినది. కొలతలో మొగ్గు ఉండకూడదు, అందుకే దిద్దడం రెండువైపులా ఒకేలా జరిగింది. విధానంలో మొగ్గు ఉండవచ్చు, అది ముందే రాసి ఉంటే. సిద్ధంగా ఉన్న బిడ్డను పొరపాటున ఆపేస్తే ఆ బిడ్డకు ఒక ఏడాది పోతుంది, తోటివారంతా పై గదిలోకి వెళ్తుంటే చూస్తూ కూర్చోవాలి. సిద్ధంగా లేని బిడ్డను పొరపాటున పంపితే మూడో స్థాయి ఉపాధ్యాయులు మొదటి నెలలో కొంచెం ఎక్కువ కష్టపడాలి. మా తరగతుల్లో మొదటి పొరపాటే బరువైనది. ఇదే లెక్క అందరికీ సరిపోదు. బస్సు డ్రైవరుకు లైసెన్సు ఇచ్చే పరీక్షలో అయితే బరువు రెండో వైపు ఉంటుంది, అక్కడ అంచులో పైన ఉన్నవారినే మళ్లీ నడిపించి చూడాలి.

ఫలితం కాగితం మీద అంచు సంగతి ఎలా రాస్తారు? పిల్లలు చిన్నబుచ్చుకోరా?

మొదటి సంవత్సరం మార్కు పక్కన ఒక నక్షత్రం గుర్తు మాత్రం పెట్టాం. అది పెద్ద పొరపాటు. సగం మంది దాన్ని ప్రత్యేక బహుమతి అనుకున్నారు, మిగతా సగం కాపీ కొట్టారన్న అనుమానం అనుకున్నారు. గుర్తు ఒంటరిగా ఉండకూడదు, దాని పక్కన వాక్యం ఉండాలి. ఇప్పుడు అంచులో పైన ఉన్నవారి కాగితం మీద ఇలా ఉంటుంది:

“మార్కులు 28. ఉత్తీర్ణత మార్కు 27. ఫలితం: ఉత్తీర్ణత. ఈ మార్కు ఉత్తీర్ణత మార్కుకు చాలా దగ్గరగా ఉంది. మరో రోజు ఇలాంటి పత్రమే రాస్తే రెండు మూడు మార్కులు అటూ ఇటూ కావచ్చు. మూడో స్థాయి మొదలయ్యేలోగా ఒత్తులు, ఉక్తలేఖనం సాధన చేయించండి.”

కింద ఉన్నవారికి మొదటి కాగితంలో ‘ఉత్తీర్ణత లేదు’ అన్న మాట ఉండదు. “ఈ పరీక్షతో తేలలేదు. ఫలానా తేదీన పది నిమిషాల చదువు పరీక్షకు తీసుకురండి” అని ఉంటుంది. ఇది ఊరడింపు మాట కాదు, నిజంగానే తేలలేదు. ఆ చదువు పరీక్ష తర్వాత వచ్చే రెండో కాగితంలో అంచు మాట ఉండదు, ఫలితం ఒక్కటే ఉంటుంది. ఎంతకాలమైనా తేలని ఫలితం ఎవరికీ పనికిరాదు. అంచు గుర్తును కాగితం మీద తల్లిదండ్రులకు, మూడో స్థాయి ఉపాధ్యాయులకు మాత్రమే చూపిస్తాం. వాట్సాప్ గ్రూపులో పెట్టే జాబితాలో ఉత్తీర్ణుల పేర్లు తప్ప మార్కులు గానీ గుర్తులు గానీ ఉండవు.

24 వచ్చినవారికి అవకాశం ఉంది, 23 వచ్చినవారికి లేదు. ఇది కొత్త కటాఫ్ కాదా?

అవును, గీత మరో చోటికి జరిగింది. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. తేడా ఏమిటంటే, 27 దగ్గరే గీత గీస్తే గడప మీది పిల్లవాడు ఆగిపోయే అవకాశం దాదాపు సగానికి సగం. 23 దగ్గర, మా కొలత దోషం మూడేనని నమ్మితే, అది బాగా తక్కువ. అయినా ఆ దోషం మూడు కంటే ఎక్కువే కావచ్చని పైన చెప్పాం కాబట్టి, 22, 23 వచ్చినవారి తల్లిదండ్రులు అడిగితే చదువు పరీక్షకు కాదనం. ఈ ఏడాది ఒకరు అడిగారు.

చాలామంది తప్పితే కటాఫ్ తగ్గిస్తారా?

అందుకోసం తగ్గించం. ప్రశ్నే తప్పని తేలితే మాత్రం దాన్ని తీసేస్తాం. ఒకసారి బొమ్మలో ఉన్నది కుండో బిందో తెలియని ప్రశ్న పడింది. బాగా రాసే పిల్లలే అందులో ఎక్కువగా తప్పారు, దాన్ని బట్టి ప్రశ్నలోనే లోపం ఉందని తెలిసింది. అటువంటప్పుడు మొత్తం మార్కుల నుంచి ఆ ప్రశ్నను తీసేయడంతో పాటు, ఉపాధ్యాయులు దానికి వేసిన అంచనాను కటాఫ్ నుంచి కూడా తీసేయాలి. ఆ ప్రశ్నకు అందరికీ ఊరికే మార్కు ఇచ్చేసి కటాఫ్‌ను అలాగే ఉంచితే, ఆ ప్రశ్నను ముందే సరిగ్గా రాసినవారికి దక్కేది ఏమీ ఉండదు, రాయనివారు మాత్రం ఒక మార్కు ముందుకు వస్తారు.

మా దగ్గర పన్నెండుమంది పిల్లలే ఉన్నారు. ఈ లెక్కలు మాకు పనికొస్తాయా?

అంచనాల పద్ధతి పనికొస్తుంది, దానికి పిల్లల సంఖ్యతో పని లేదు. ముగ్గురు ఉపాధ్యాయులున్నా చేయవచ్చు. విశ్వసనీయత లెక్క మాత్రం పన్నెండుమందితో చేయకండి. ఒక్క పిల్లవాడు మారితే అంకె ఎక్కడికో వెళ్తుంది. దానికి బదులు అన్ని పత్రాలనూ ఇద్దరు విడివిడిగా దిద్ది, తేడాలు ఎంత వచ్చాయో చూసుకోండి. తేడా తరచుగా రెండు మార్కుల దాకా వస్తుంటే, అంచును అంతకంటే తక్కువగా పెట్టడానికి వీల్లేదు.

పెట్టిన కటాఫ్ సరైనదేనని తర్వాత ఎలా తెలుస్తుంది?

మూడో స్థాయి మొదలైన మూడు నెలలకు, ఎవరికి అంచు గుర్తు ఉందో మళ్లీ గుర్తుచేయకుండా, ఎవరు నిలదొక్కుకున్నారో ఉపాధ్యాయులను అడుగుతాం. అంచులో పైన ఉన్నవారిలో ఎక్కువమంది తడబడుతుంటే 27 తక్కువైందన్నమాట. వీరిలో గానీ, చదువు పరీక్ష ద్వారా వచ్చిన నలుగురిలో గానీ ఎవరూ ఇబ్బంది పడకపోతే బహుశా ఎక్కువైంది. అయితే ఈ చూపులో సగమే కనిపిస్తుంది. ఆపేసిన పిల్లలు మూడో స్థాయిలో లేరు కాబట్టి, పంపి ఉంటే వారు ఎలా చదివేవారో ఈ పట్టికలో ఎక్కడా ఉండదు. అందుకే వచ్చే ఏడాది, తల్లిదండ్రులు ఒప్పుకుంటే, 24 నుంచి 26 మధ్య వచ్చినవారందరినీ చదువు పరీక్ష ఫలితంతో నిమిత్తం లేకుండా నెల రోజులు మూడో స్థాయిలో కూర్చోబెట్టి చూడాలని అనుకుంటున్నాం.